ఇంట్లోనే యానిమేషన్ ఫోలీ: అడుగులు, బట్టల సవ్వడి, తలుపు కిర్రు

కెమెరాతో తీసిన సినిమాలో షూటింగ్ రోజున మైకులో పడ్డ చప్పుడు ఎంతో కొంత ఉంటుంది. బాగా లేకపోయినా ఏ అడుగు ఎక్కడ పడిందో చెప్పడానికి అది పనికొస్తుంది. యానిమేషన్‌లో ఆ సదుపాయం లేదు. బొమ్మలు కదిలించినవాళ్లు మీ చేతికిచ్చే ఫైలులో శబ్దం సున్నా. డైలాగులు పెట్టి, సంగీతం పెట్టి చూసినా పాత్ర నేలకు తగలకుండా తేలిపోతున్నట్టు అనిపిస్తే, గీత తప్పని వెంటనే అనుకోకండి. చాలాసార్లు లోపించేది పాదం కింద నేల శబ్దం. గీసిన బొమ్మకు బరువుండదు. ఆ బరువులో సగాన్ని కదలిక ఇస్తే, మిగతా సగాన్ని చప్పుడు ఇవ్వాలి. ఫోలీ చేసే పని అదే.

ఈ పనికి ఆ పేరు హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ వల్ల వచ్చింది. మూకీగా తీసిన ‘షో బోట్’కు శబ్దం చేర్చి 1929లో విడుదల చేశారు. ఆ శబ్దాలు చేసినవాళ్లలో ఆయన ఒకరు. తెర మీద బొమ్మ నడుస్తుంటే, దాన్ని చూస్తూ అదే లయలో తానూ నడిచి రికార్డు చేయడం ఆయన పద్ధతి. ఇంటర్నెట్‌లో దొరికే అడుగుల ఫైళ్లు తెచ్చి అతికించడం వేరే పని. అందులో ప్రతి అడుగూ ఒకే మనిషిది, ఒకే కోపంతో వేసినదిలా ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా చూస్తూ చేసే పద్ధతి గురించే.

ఉదాహరణకు ఒక్క సన్నివేశం తీసుకుందాం. నిడివి 15 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు, అంటే మొత్తం 360 ఫ్రేములు. అర్ధరాత్రి పల్లెటూరి ఇంట్లో ఏడేళ్ల పిల్లాడు బెల్లం కోసం గచ్చు మీద ఒట్టి కాళ్లతో మునివేళ్ల మీద నడుస్తాడు. ఒకసారి ఆగి వెనక్కి చూస్తాడు. వంటింటి గొళ్ళెం తీసి తలుపు తోస్తాడు. అది కిర్రుమంటుంది. పక్క గది నుంచి నాయనమ్మ హవాయి చెప్పులేసుకుని వస్తుంది, ఆమె తెర మీద కనబడదు, చప్పుడే వినబడుతుంది. చిన్న సీనే అయినా మనకు కావలసిన మూడూ ఇందులో ఉన్నాయి.

మొదటి మెట్టు: చూస్తూ చేయడానికి వీడియో సిద్ధం చేసుకోవడం

యానిమేటర్ పంపిన ఫైలును అలాగే వాడితే రెండు ఇబ్బందులు వస్తాయి. ఫోన్ల మీదుగా, మెసేజింగ్ యాప్‌ల మీదుగా తిరిగిన వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండకపోవచ్చు. మొదట్లో సరిపోయిన అడుగు చివరికి వచ్చేసరికి తప్పుతుంది. రెండోది, మామూలుగా కుదించిన వీడియోలో ఒక్కో ఫ్రేము ముందుకీ వెనక్కీ జరిపి చూడబోతే అది తడబడుతుంది. వీడియో మార్చే ఉచిత ప్రోగ్రామ్ ffmpegకు ఈ ఒక్క ఆదేశం ఇస్తే రెండూ తీరతాయి:

```
ffmpeg -i scene.mp4 -r 24 -c:v libx264 -g 1 -crf 20 -an guide.mp4
```

`-r 24` వేగాన్ని ఒకేలా ఉంచుతుంది. `-g 1` వల్ల ప్రతి ఫ్రేమూ విడిగా నిల్వ అవుతుంది. ఫైలు పెద్దదవుతుంది కానీ ఒక్కో ఫ్రేముగా జరపొచ్చు. మీ సినిమా 25 ఫ్రేముల్లో ఉంటే 24 చోట 25 వేయండి. ఇది ముందే అడిగి తెలుసుకోవాలి, ఊహించకూడదు.

తర్వాత దీన్ని వీడియో చూపించే సౌండ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. రీపర్ సరిపోతుంది, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోని ఫెయిర్‌లైట్ పేజీ కూడా సరిపోతుంది. ఆడాసిటీలో వీడియో ఆడదు, కాబట్టి ఈ పనికి అది కుదరదు. ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. బొమ్మ మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు, ఒక్క ఫ్రేము పొడవున ‘బీప్’ ఒకటి పెట్టండి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

రెండో మెట్టు: గది, మైకు

స్టూడియో లేకపోయినా పరవాలేదు, నిశ్శబ్దం మాత్రం తప్పదు. ఫ్యాన్, ఫ్రిజ్, ట్యూబ్‌లైట్ చోక్, పక్కింటి బోరు మోటారు, గోడ గడియారం: మామూలుగా ఇవి చెవికి పట్టవు, మైకుకు మాత్రం పడతాయి. పరుపు, బొంతలు, బట్టల బీరువా ఉన్న పడకగది మంచిది. మెత్తటి వస్తువులు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. ఖాళీ హాల్లో రికార్డు చేసిన అడుగులో ఆ హాలు కూడా ఇరుక్కుపోతుంది, తర్వాత తీయడం కుదరదు. ప్రతిధ్వని లేని శబ్దానికి వంటిల్లో, సినిమా హాలో మనం తర్వాత అద్దుకోవచ్చు. మొదలుపెట్టే ముందు ఏమీ చేయకుండా అర నిమిషం రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో శబ్దం పెంచి వినండి. ‘ఇంత రొద ఉందా!’ అనిపిస్తుంది. ఏది వినబడితే దాన్ని ఆపండి. ఆపలేనిది ఉంటే తెల్లవారుజామున నాలుగింటికి చేసుకోండి.

మంచి కండెన్సర్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే అదృష్టం. ఫోనుతో కూడా చేయొచ్చు, ఒక్క షరతు మీద. మామూలు వాయిస్ రికార్డర్ యాప్‌లు మనిషి మాటను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. శబ్దం తగ్గగానే వాటంతటవే పెంచేస్తాయి, ‘రొద’ అనుకున్నదాన్ని చెరిపేస్తాయి. బట్టల సవ్వడి వాటి లెక్కలో రొదే. తీరా వింటే చీర కదలిక మింగేసి ఉంటుంది. అందుకని .wav లో రికార్డు చేసే యాప్ ఎంచుకుని, అందులో `Unprocessed` లేదా `Raw` అని ఉంటే అది పెట్టండి. నాయిస్ తగ్గించే మీటలన్నీ ఆపేయండి.

ఫోను విడిగా, లాప్‌టాప్ విడిగా ఉంటే రెండింటినీ కలపడానికే ఆ బీప్. రికార్డు నొక్కాక హెడ్‌ఫోన్ ఒక చెవి కప్పును ఫోను మైకుకు ఆనించండి. బీప్ వెళ్లాక హెడ్‌ఫోన్ పెట్టుకుని పని మొదలుపెట్టండి. తర్వాత టైమ్‌లైన్‌లో రికార్డింగ్‌లోని బీప్‌ను వీడియో బీప్ మీదకు జరిపితే రెండూ కలిసిపోతాయి. హెడ్‌ఫోన్ వైరుదే ఉండాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, అందులోనూ ఒక్కో రోజు ఒక్కోలా.

లెవెల్ సంగతి: గట్టి చప్పుడు −12 డెసిబెల్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు. మీటరు ఎర్రబడితే ఆ టేకు పోయినట్టే.

మూడో మెట్టు: ఫ్రేముల పట్టిక

హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు కాగితం మీద ఈ పట్టిక రాయండి. ఒక్కో ఫ్రేము జరుపుతూ పాదం నేలకు తగిలిన ఫ్రేము నంబరు వేసుకోవాలి. మన సీనుకు అది ఇలా వచ్చిందనుకుందాం. పిల్లాడి అడుగులు 20, 38, 56, 74, 92. ప్రతి అడుగుకీ మధ్య 18 ఫ్రేములు, అంటే ముప్పావు సెకను. తర్వాత 140 దాకా నిలబడి వెనక్కి చూస్తాడు. ధైర్యం తెచ్చుకుని 140, 148 దగ్గర రెండు గబగబా అడుగులు. గొళ్ళెం 160లో. తలుపు 166 నుంచి 214 దాకా కదులుతుంది, అది సరిగ్గా రెండు సెకన్లు. నాయనమ్మ కనబడదు కాబట్టి ఆమె చప్పుళ్లకు ఫ్రేములు మనమే అనుకోవాలి: చెప్పులు 262, 277, 292, 307, 322. చివర్లో గాజుల చప్పుడు 330లో.

కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఫ్రేములను సున్నా నుంచి, కొన్ని ఒకటి నుంచి లెక్కిస్తాయి. యానిమేటర్ పట్టికా మీదీ ఒక ఫ్రేము తేడాతో వస్తుంటే కారణం అదే. ఒక ఫ్రేమంటే సుమారు 42 మిల్లీసెకన్లు. ఈ తేడాకు ఒక ఉపయోగకరమైన లక్షణం ఉంది. శబ్దం బొమ్మకన్నా ముందొస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. కాస్త వెనకొస్తే ఊరుకుంటుంది. ప్రకృతిలో వెలుగు కన్నా శబ్దం ముందు రాదు, మనకు అలవాటైన వరుస అది. కాబట్టి సందేహమున్న చోట శబ్దం బొమ్మకన్నా ముందు కాకుండా కాస్త ఆలస్యంగా వచ్చేలా జరపండి.

నాలుగో మెట్టు: అడుగులు

అడుగులకు మొదట కావలసింది నేల. పాత ఇంటి గచ్చుకు దగ్గరగా రావాలంటే కడప బండ ముక్కో, షాబాద్ బండ ముక్కో వాడండి. పలకల దుకాణంలో అంచు విరిగిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. రెండు అడుగుల వెడల్పు ఉంటే చాలు. దాన్ని ఉత్తి నేల మీద పెడితే కింద ఖాళీ ఉన్న చోట ‘డబ్ డబ్’మని బోలుగా మోగుతుంది. కింద ఇసుక పరిచి, లేదా మందపాటి బొంత మడిచి వేసి, దాని మీద బండ పెట్టండి. బోలుతనం పోతుంది. మట్టి బాట కావాలంటే స్టీలు పళ్లెంలో కాకుండా ప్లాస్టిక్ టబ్బులో ఇసుక, కంకర పోసుకోవాలి, పళ్లెం మోగుతుంది. మంచు మీద నడక చేయాల్సి వస్తే గుడ్డ సంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి పిసకండి. మంచు తొక్కినప్పటి ఆ కరకర అచ్చంగా వస్తుంది. ఫోలీ కళాకారులు తరతరాలుగా వాడుతున్నది అదే.

ఇప్పుడు మన పిల్లాడు. బూట్ల చప్పుడు తేలిక, ఒట్టి కాళ్ల చప్పుడు కష్టం. విదేశాల్లో రాసిన పాఠాలు చాలావరకు మడమ-వేలు, మడమ-వేలు అంటూ బూట్ల గురించే చెబుతాయి. మనకు ఇంట్లో బూట్లెక్కడివి? ఒట్టి పాదానిది మెత్తటి దెబ్బ, దాని వెనకే నేల నుంచి చర్మం విడివడే చిన్న అతుకు శబ్దం. ఈ రెండోది లేకపోతే విన్నవాళ్లకి పాదమని తట్టదు, అరచేత్తో బల్ల చరిచినట్టుంటుంది. అది రావాలంటే పాదాలు కాస్త తడిగా ఉండాలి. తడిబట్టతో అరికాళ్లు తుడుచుకుంటే చాలు, నీళ్లు కారితే చప్పుడు చిత్తడిగా మారుతుంది.

ఏడేళ్ల పిల్లాడికి మీ పాదం చాలా పెద్దది. ఇక్కడ చేతులే మంచి పాదాలు. బండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మూడు వేళ్ల కొసలు ముందు ఆనించి, వెంటనే అరచేతి పైభాగం మెత్తగా దించండి. మునివేళ్ల నడకంటే అంతే: ముందు వేళ్లు, తర్వాత బరువు. బొమ్మలో కూడా వేళ్లు తగిలిన మూడు నాలుగు ఫ్రేముల తర్వాత ఒళ్లు కిందకి దిగుతుంది. వేళ్ల చప్పుడు పట్టికలోని ఫ్రేము మీద పడాలి, అరచేయి ఆ తర్వాత. రెండూ ఒకే క్షణంలో పడితే దొంగ నడక కాస్తా మామూలు నడకవుతుంది.

మైకు బండకు 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పైనుంచి చూస్తున్నట్టు ఉండాలి. 20 సెంటీమీటర్లకి తెస్తే తక్కువ స్వరాలు ఉబ్బి, పిల్లాడి వేళ్లు ఏనుగు కాళ్లవుతాయి. మరీ దూరం పెడితే గది రొద గెలుస్తుంది.

ఒక్కో అడుగూ విడిగా రికార్డు చేయకండి. మొత్తం నడక ఒక్క ఊపులో, వీడియో చూస్తూ చేయండి. ఎందుకంటే అయిదో అడుగు మొదటి అడుగులా ఉండదు. ఆగబోయే ముందు బరువు వెనక్కి వెళ్తుంది. 92లోని అడుగు మిగతావాటికన్నా నెమ్మదిగా, బరువు పూర్తిగా దించకుండా ఉండాలి, ఎందుకంటే పిల్లాడికి ఏదో వినబడింది. 140, 148 వాటిలో వేళ్లు మాత్రమే, అరచేయి వద్దు. ఈ ఏడు అడుగుల్లో కథ తెలిసిపోవాలి. కళ్లు మూసుకుని టేకు వినండి: వాడు ఎక్కడ భయపడ్డాడో చెప్పగలిగితే టేకు పనికొస్తుంది.

ఎక్కువమంది పడే గొయ్యి ఇంకోటి ఉంది. ఒక మంచి అడుగు దొరికిందని దాన్నే ఏడుసార్లు కాపీ చేస్తారు. చెవి అది మూడోసారికే పట్టేస్తుంది, నడక కుట్టుమిషన్ అవుతుంది. ఒకటి రెండు ఫ్రేములు తప్పితే జరుపుకోండి, అడుగు మాత్రం దేనికదే ఉండనివ్వండి.

నాయనమ్మ హవాయి చెప్పులది ఇంకో తమాషా. ఈ చెప్పు ఒక్కో అడుగుకు రెండుసార్లు మోగుతుంది. పాదం నేల మీద పడ్డప్పుడు ఒకసారి. పాదం లేచేటప్పుడు చెప్పు కిందికి వేలాడి, తిరిగి మడమకు కొట్టుకునే ‘చట్’ ఇంకోసారి. చాలామంది ఆ రెండోదాన్నే అడుగు ఫ్రేము మీద పెట్టేస్తారు, ఎందుకంటే అదే గట్టిగా ఉంటుంది. దాంతో మనిషి ప్రతి అడుగునూ ముందే వేసినట్టనిపిస్తుంది. పట్టికలోని 262, 277 నేల చప్పుడువి. ‘చట్’ వాటి మధ్య సందులో పడుతుంది. వయసు పైబడిన మనిషి పాదం ఎత్తదు, ఈడుస్తుంది. కాబట్టి ‘చట్’ మెత్తగా, రబ్బరు నేల మీద రాసుకునే శబ్దం పొడవుగా ఉండాలి. చేతికి చెప్పులు తొడుక్కుని చేస్తే ఈ ఈడ్పు చక్కగా వస్తుంది. నాయనమ్మ తెర మీద కనబడదు, చప్పుడే ఆమె. ఆమెకు ఎంత వయసో, ఎంత కోపంగా ఉందో ప్రేక్షకుడికి తెలిసేది ఆ అయిదు అడుగుల వల్లే.

అయిదో మెట్టు: బట్టల సవ్వడి

ఫోలీ చేసేవాళ్లు దీన్ని విడిగా ఒక వరుసలో, సీను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చేస్తారు. దీన్ని ఎవరూ పనిగట్టుకుని వినరు. తీసేస్తే మాత్రం పాత్ర కట్టెలా అయిపోతుంది.

గుడ్డ ఎంపికలోనే సగం పని ఉంది. గంజి పెట్టిన నేత చీర స్పష్టంగా, కాస్త గరుకుగా పలుకుతుంది. నాయనమ్మకు అదే. పట్టు చీర గరగరలాడుతుంది, పెళ్లి సీనుకైతే బాగుంటుంది. పాలియెస్టర్ చీర బుస కొడుతుంది, మైకులో అది రొదలా వినబడుతుంది, వద్దు. పిల్లాడి నిక్కరుకీ బనియన్‌కీ ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత కాటన్ దుప్పటి చాలు.

గుడ్డను మైకుకు 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, రెండు పొరలను ఒకదాని మీద ఒకటి రాయండి. ఊపకండి, గాలి మైకుకు తగిలి ‘బుఫ్’మంటుంది. పిల్లాడి చేతులు తూకం కోసం ఎక్కడ పైకి లేస్తాయో అక్కడ చిన్న రాపిడి. వెనక్కి తిరిగే చోట ఒక పొడవైన రాపిడి, ఆగినప్పుడు పూర్తి నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం ముఖ్యం. 92 నుంచి 140 దాకా సవ్వడి సాగుతూ ఉంటే వాడు నిలబడినట్టుండదు. నాయనమ్మ చీర కుచ్చిళ్లు ప్రతి అడుగుకీ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊగుతాయి. చేతిలో మూడు నాలుగు మడతలు పెట్టి పట్టుకుంటే ఆ లయ దానంతటదే వస్తుంది.

మీ ఒంటి మీద బట్టలు కూడా మైకుకు వినబడతాయి. పాత మెత్తటి బనియన్, లుంగీ వేసుకోండి. వాచీ, ఉంగరాలు, జేబులో తాళాలు తీసేయండి. గాజుల శబ్దం వేరే టేకులో చేయాలి. రెండు మూడు మట్టి గాజులను చేతి రుమాలు మీద దొర్లించినట్టు కదిలిస్తే నాయనమ్మ చేయి దించిన చప్పుడు వస్తుంది. ఒట్టి చేతిలో గలగలలాడిస్తే అది పెళ్లికూతురవుతుంది.

ఆరో మెట్టు: తలుపు కిర్రు

తలుపు ఎందుకు కిర్రుమంటుందో తెలిస్తే దాన్ని ఎలా చేయాలో తెలుస్తుంది. తలుపు బందులో ఇనుము ఇనుముకు ఆనుకుని ఉంటుంది. తోసినప్పుడు అది అతుక్కుంటుంది, బలం చేరేకొద్దీ టక్కున జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఒక్కో జారుడూ ఒక చిన్న ‘టిక్’. నెమ్మదిగా కదిపితే టిక్‌లు విడివిడిగా వినబడతాయి. వేగం పెంచితే అవన్నీ కలిసిపోయి స్వరమవుతాయి, వేగం ఎక్కువయ్యేకొద్దీ స్వరం పైకి పోతుంది. పాత తలుపు ‘టిక్… టిక్… కిర్ర్‌ర్’ అనడానికి కారణం ఇదే.

ఇంట్లో కిర్రుమనే తలుపు ఉంటే అంతకన్నా ఏం కావాలి. లేకపోతే ఇంకో మూడు దారులున్నాయి. నులక మంచం పట్టె మీద చేతులతో బరువు మార్చి మార్చి నొక్కితే లోతైన మూలుగు వస్తుంది. బిగుతు వదిలిన చెక్క కుర్చీ కొంచెం పైస్థాయిలో పలుకుతుంది. నాకు బాగా నచ్చేది మూడోది. ఖాళీ నూనె డబ్బా అడుగున చిన్న కన్నం చేసి, గట్టి నూలు తాడు దూర్చి, లోపలి వైపు ముడి వేయండి. తాడుకు వయొలిన్ కమానుకు రాసే రోజిన్ రుద్దండి, లేదా తడిబట్ట వాడండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య తాడును పట్టుకుని నెమ్మదిగా కిందికి లాగితే డబ్బా మూలుగుతుంది. పెద్ద డబ్బాకు కోట తలుపు వస్తుంది, కాగితం కప్పుకు అల్మరా తలుపు. వంటింటి తలుపుకు ఒక లీటరు డబ్బా సరైన కొలత.

అసలు తలుపు బందే దొరికితే దాన్ని ఒట్టి చేతిలో తిప్పి ఊరుకోకండి. ఆ శబ్దం పీలగా ఉంటుంది. పాత సొరుగుకో, ప్లైవుడ్ పెట్టెకో దాన్ని మరలతో బిగించండి. ఇనుము అరిస్తే చెక్క మోగుతుంది. ఆ మోతే తలుపు ఎంత పెద్దదో చెప్పేది.

ఇప్పుడు మన 48 ఫ్రేములు. గీతలు చూస్తే తలుపు ఒకే వేగంతో కదలదు. మొదటి 16 ఫ్రేముల్లో పిల్లాడు భయంగా తోస్తాడు, ఒక ఫ్రేము గీత నుంచి తర్వాతి ఫ్రేము గీతకు తలుపు జరిగే దూరం తక్కువ. తర్వాతి 14 ఫ్రేముల్లో అది చేయి జారి ఊపందుకుంటుంది, దూరం పెరుగుతుంది. చివరి 18లో వాడు పట్టుకుని ఆపుతాడు, మళ్లీ దగ్గరవుతాయి. చేతి వేగం ఇదే పాటించాలి: విడివిడి టిక్‌లు, ఆపైన పైకి లేచే కిర్రు, మళ్లీ దిగి టిక్‌లు. మధ్యలో ఊపందుకునే ఆ 14 ఫ్రేములే ప్రేక్షకుడు ‘అయ్యో’ అనుకునే చోటు. ఒకే వేగంతో లాగిన కిర్రును సాగదీసి రెండు సెకన్లకు అమర్చితే సమయం సరిపోతుంది కానీ తలుపు కదలికకూ దానికీ సంబంధం ఉండదు, విన్నవాళ్లు ఏదో తప్పని పసిగడతారు. నాలుగైదు టేకులు చేయండి. ఒకదాని మొదలు, ఇంకోదాని మధ్య అతికించడం తప్పేమీ కాదు, స్వరం కలిసే చోట ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా రెండు మూడు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ పెట్టండి.

కిర్రు ఒక్కటే తలుపు కాదు. 160లో గొళ్ళెం ఉంది. నిజమైన గొళ్ళెం ఏ ఇంట్లోనైనా ఉంటుంది, దాన్నే వాడండి. నెమ్మదిగా ఎత్తినప్పుడు ఇనుప రాపిడి, విడిచినప్పుడు చెక్కకు తగిలే చిన్న దెబ్బ, రెండూ రావాలి. 214 దగ్గర తలుపు ఆగుతుంది కానీ గోడకు తగలదు, కాబట్టి అక్కడ దెబ్బ వద్దు. ఆగిన తర్వాత ఒక చివరి ‘టిక్’ మాత్రం, నాలుగైదు ఫ్రేముల ఆలస్యంగా పెడితే తలుపు ఇంకా బరువుగా వేలాడుతున్నట్టుంటుంది.

ఏడో మెట్టు: ఎడిటింగ్, కలపడం

మూడింటినీ మూడు ట్రాకుల గుంపులుగా ఉంచండి: అడుగులు, బట్టలు, వస్తువులు. ముందు అన్నిటికీ కింది స్వరాలు కోసే ఫిల్టర్ పెట్టండి. అడుగులకు 60, బట్టలకు 120 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవిని నమ్మండి. లారీ వెళ్లిన గుర్రు, బల్ల కదిలిన దెబ్బ దీంతో పోతాయి. ఫ్రేమును వెతికేటప్పుడు తరంగంలోని అతి ఎత్తైన శిఖరాన్ని చూడకండి. శబ్దం మొదలయ్యే అంచును చూడండి, అదే పాదం తగిలిన ఫ్రేము మీద ఉండాలి.

బట్టల లెవెల్ పెట్టే పద్ధతి ఇది. ఫేడర్‌ను వినబడేదాకా పెంచండి, తర్వాత ‘బట్ట వినబడుతోంది’ అనిపించకుండా పోయేదాకా తగ్గించండి. అది సరైందో కాదో తేల్చడానికి ట్రాకును ఆపి చూడండి. సీను చచ్చిపోతే సరిగ్గా ఉన్నట్టు.

ప్రతిధ్వనిని ఇప్పుడు అద్దండి. రాత్రి ఇల్లు, గచ్చు నేల, పెంకుల కప్పు: అర సెకను లోపు మోగే చిన్న గది చాలు. నాయనమ్మ చెప్పులు పక్క గదిలోంచి వస్తున్నాయి కాబట్టి వాటి పై స్వరాలు కోసి, ప్రతిధ్వని పెంచి, 262 నుంచి 322 దాకా మెల్లిగా కోత తగ్గిస్తూ రండి. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెప్పు ‘చట్’ స్పష్టంగా వినబడాలి. ఈ ఒక్క మార్పుతో ఆమె తెర మీద లేకపోయినా దగ్గరవుతుంది.

చివరగా ఫోను స్పీకర్లో వినండి, ఎందుకంటే ఎక్కువమంది చూసేది అందులోనే. ఆ చిన్న స్పీకర్ లోతైన స్వరాలను పలకలేదు. పిల్లాడి అరచేతి ‘దబ్’ మాయమై, వేళ్ల ‘టప్’ మాత్రమే మిగిలితే సరే. వేళ్లు కూడా వినబడకపోతే వాటిని 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం పెంచండి, మొత్తం అడుగు లెవెల్ పెంచకండి.

దర్శకుడికి పంపేటప్పుడు ఒకే మిక్స్ ఫైలు పంపితే, రేపు ‘తలుపు ఇంకో ఎనిమిది ఫ్రేములు ఆగితే బాగుంటుంది’ అన్నప్పుడు మళ్లీ మొదటికొస్తారు. మూడు గుంపులనూ మూడు .wav ఫైళ్లుగా, అన్నీ బీప్ నుంచే మొదలయ్యేలా, ప్రతిధ్వని లేనివి విడిగా, ఉన్నవి విడిగా పంపండి. ఫైలు పేర్లలో ఫ్రేముల వేగం కూడా రాయండి: `foley_steps_24fps_dry.wav`. ఇక్కడ dry అంటే ప్రతిధ్వని లేనిది. నూనె డబ్బా, తాడు, చెప్పులు సినిమా పూర్తయ్యేదాకా పారేయకండి, మార్పులు వస్తే అదే శబ్దం మళ్లీ అవసరమవుతుంది.